రెండో నెలలో ఏం జరుగుతుంది? చిన్న ఆన్‌లైన్ ట్యూషన్‌కి నెల ఫీజా, ఒకేసారి అమ్మకమా, కమీషనా?

[తెరపై: హనుమకొండలో ఒక ఇంటి ముందు గది. గోడకి తెల్ల బోర్డు, స్టాండ్ మీద ఫోన్, బల్ల మీద పాత లెడ్జర్ పుస్తకం.]

నమస్కారం. నేను టెన్త్ పిల్లలకి ఆన్‌లైన్‌లో మ్యాథ్స్ చెప్తాను. ఈ మధ్య వరంగల్, పరకాల, నర్సంపేట వైపు నుంచి చాలామంది టీచర్లు ఒకటే అడుగుతున్నారు: "ఆన్‌లైన్ ట్యూషన్ పెడదామనుకుంటున్నాం. నెల నెలా ఫీజు తీసుకోవాలా, కోర్సు చేసి ఒకేసారి అమ్మాలా, వేరే టీచర్లని పెట్టి కమీషన్ తీసుకోవాలా?"

మొదటి నెల చూసి దీన్ని తేల్చలేం. మొదటి నెలలో మూడింట్లోనూ డబ్బు వస్తుంది. రెండో నెలలో ఏం జరుగుతుందో చూస్తేనే తేడా తెలుస్తుంది. ఈ వీడియో అంతా దాని గురించే.

[తెరపై: లెడ్జర్ పేజీ దగ్గరగా. ఎడమ పక్కన జూన్, జూలై, ఆగస్టు...]

ముందు నెల ఫీజు. 30 మంది పిల్లలు, తలా 600. నెలకి 18,000. పదేసి మందితో మూడు బ్యాచులు, ఒక్కో బ్యాచ్‌కి వారానికి నాలుగు గంటలు. అంటే క్లాసే 12 గంటలు. స్లిప్ టెస్టులు దిద్దడం, తల్లిదండ్రులతో ఫోన్లు, రాత్రి పదింటికి వచ్చే వాట్సాప్ డౌట్లు కలిపి ఇంకో ఆరు గంటలు. నెలకి 72 గంటలు. నెట్, క్లాస్ యాప్, కరెంటు కింద 2,000 తీసేస్తే 16,000 మిగులుతుంది. గంటకి దాదాపు 220 రూపాయలు. ఇంట్లో కూర్చుని చెప్పేదానికి ఫర్వాలేదు.

ఇప్పుడు నెలకి నూటికి ఇరవై మంది మానేస్తున్నారనుకుందాం. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. వినడానికి తక్కువే. కానీ లెక్క చూడండి.

[తెరపై అంకెలు ఒక్కొక్కటిగా: జూన్ 30, జూలై 24, ఆగస్టు 19, సెప్టెంబర్ 15, అక్టోబర్ 12, నవంబర్ 10, డిసెంబర్ 8, జనవరి 6, ఫిబ్రవరి 5]

అక్టోబర్ వచ్చేసరికి 12 మంది. అప్పటికీ బ్యాచులు మూడే, మీ గంటలు అవే 72. ఫీజు 7,200, ఖర్చు తీసేస్తే 5,200. గంటకి 72 రూపాయలు. పిల్లలు తగ్గారు గానీ మీ పని తగ్గలేదు. నెల ఫీజులో దెబ్బ తగిలేది ఇక్కడే. ఏ నెలలో చూసినా కొంచెమే తగ్గినట్టు ఉంటుంది కాబట్టి దసరా దాకా మనకి తెలియదు. ఒక బ్యాచ్‌లో ఆరుగురి కంటే తక్కువ మిగిలితే ఆ వారమే దాన్ని పక్క బ్యాచ్‌లో కలిపేయండి. "వచ్చే నెల కొత్తవాళ్లు వస్తారులే" అని ఆగొద్దు.

పిల్లలు ఎప్పుడు మానేస్తున్నారో నా లెడ్జర్‌లో గీత గీసి చూశాను. పాఠం అర్థం కాక మధ్యలో వెళ్లినవాళ్లు తక్కువ. ఎక్కువమంది దసరా సెలవుల తర్వాత తిరిగి రాలేదు. బతుకమ్మకి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తారు, రెండు వారాలు క్లాస్ ఉండదు. ఐదో తారీకున ఫీజు మెసేజ్ పెడితే "సగం నెలే కదా సార్ చెప్పింది, సగం తీసుకోండి" అంటారు. అక్కడ బేరం మొదలవుతుంది, ఆ బేరంలోనే పిల్లవాడు జారిపోతాడు. సంక్రాంతికీ అంతే. జాతర వచ్చే ఏడాది మేడారం వారం కూడా దీనికి తోడవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి నెల ఫీజు అడుగుతున్నామంటే, "కొనసాగించాలా వద్దా" అని ఆ ఇంట్లో ప్రతి నెలా ఒకసారి ఆలోచించమని మనమే చెప్తున్నట్టు. ఏడాదికి తొమ్మిదిసార్లు.

[తెరపై: లెడ్జర్ మీద ఎర్ర గీతలు రెండు. ఒకటి దసరా దగ్గర, ఒకటి సంక్రాంతి దగ్గర.]

అందుకే నేను నెల ఫీజుని టర్మ్ ఫీజుగా మార్చాను. జూన్ నుంచి దసరా దాకా 1,900. దసరా నుంచి సంక్రాంతి దాకా 1,600. సంక్రాంతి నుంచి పరీక్షల దాకా 1,200. మొత్తం 4,700. నెలకి 600 చొప్పున కడితే తొమ్మిది నెలలకి 5,400 అయ్యేది, కాబట్టి వాళ్లకీ 700 మిగులుతుంది. సెలవులు టర్మ్‌కీ టర్మ్‌కీ మధ్యలో వస్తాయి, సగం నెల బేరం రాదు. మొదటి టర్మ్ 30 మంది, రెండోది 25, మూడోది 22 అనుకోండి: 57,000, 40,000, 26,400. మొత్తం 1,23,400. ఇందాకటి నెల ఫీజు లెక్కలో ఏడాదికి వచ్చింది 77,400.

అందరూ టర్మ్ కట్టలేరు, ఆ మాట నిజం. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి ఐదో తారీకు లోపు జీతం పడుతుంది, నెల ఫీజే ఆయనకి నయం. పత్తి రైతుకి అలా కాదు. జూన్‌లో విత్తనాలు, ఎరువులు అని ఉన్నది ఖర్చయిపోయి ఉంటుంది. పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్‌కి తెచ్చేది దసరా, దీపావళి దాటాకే. అలాంటి ఇంటికి మొదటి టర్మ్ సగం ముందు, మిగతా సగం రెండో టర్మ్‌తో కలిపి పత్తి అమ్మాక అని చెప్పండి. నెలనెలా మెసేజ్ పెట్టి ఇబ్బంది పెట్టడం కంటే ఇది ఇద్దరికీ మర్యాద.

యూపీఐ ఆటోపే పెట్టొచ్చు కదా అని కొందరు అడుగుతారు. పెట్టొచ్చు. ఒకసారి ఒప్పుకుంటే 15,000 వరకు ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేకుండా కట్ అవుతుంది. కానీ కట్ అయ్యే ముందు రోజు మెసేజ్ వెళ్తుంది, ఖాతాలో డబ్బు లేకపోతే ఫెయిల్ అవుతుంది. జీతగాళ్లకి బాగా పనిచేస్తుంది, పంట మీద బతికే ఇంటికి పనికిరాదు.

ఒక జాగ్రత్త. జూన్‌లో 57,000 ఒక్కసారి చేతికి వస్తే అదంతా మన డబ్బు అనిపిస్తుంది. దసరా దాకా పాఠం చెప్పే బాకీ ఇంకా మన నెత్తి మీదే ఉంది. నేను దాన్ని వేరే ఖాతాలో వేసి, నెలకి ఇంత అని తీసుకుంటాను. మధ్యలో ఎవరైనా మానేస్తే చెప్పని నెలల డబ్బు తిరిగి ఇస్తాను. వేరే ఖాతాలో ఉంటేనే అది సాధ్యం.

[తెరపై: ఫోన్‌లో రికార్డు చేసిన పాఠం. పక్కన కాగితం మీద 26,400 ÷ 487.]

ఇక ఒకేసారి అమ్మే కోర్సు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటే: లైవ్ క్లాసుల్ని "జీవితకాలం యాక్సెస్, 2,999" అని అమ్మేస్తారు. డబ్బు ఒక్కసారి వచ్చింది, పని మాత్రం ఆగదు. రెండేళ్ల తర్వాత కూడా డౌట్ అడిగే హక్కు వాళ్లకుంటుంది. ఒకసారి చేసి పక్కన పెట్టేసే వస్తువునే ఒకేసారి అమ్మాలి.

నేను చేసింది సంక్రాంతి తర్వాత వాడుకునే రివిజన్ వీడియోలు. 40 వీడియోలు, ఒక్కోదానికి మూడు గంటల పని, మొత్తం 120 గంటలు. నా గంట విలువ 220 అనుకున్నాం కదా, 26,400 అవుతుంది. కోర్సు 499కి పెట్టి, పేమెంట్ గేట్‌వే కోత కింద 12 రూపాయలు తీసేస్తే చేతికి 487. అంటే 55 మంది కొంటే గానీ నా కష్టం వెనక్కి రాదు. 30 మంది పిల్లలున్న టీచర్‌కి 55 మంది కొనేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? సొంత పిల్లలకి టర్మ్ ఫీజులోనే ఇస్తారు. కాబట్టి బయటివాళ్లే కావాలి, వాళ్లు కూడా జనవరి, ఫిబ్రవరిలోనే కొంటారు. ఒకడు కొని టెలిగ్రామ్ గ్రూప్‌లో పెడితే ఆ క్లాసులో ఇంకెవరూ కొనరు. మీకు తెలిసిన పది స్కూళ్లలో పిల్లలుంటే చేయండి. లేకపోతే మొదటి ఏడాది దీని జోలికి పోకండి.

[తెరపై: రెండు ఫోన్లు, మధ్యలో బాణం. బాణం మీద గీత.]

కమీషన్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నాకు నష్టం వచ్చింది ఇందులోనే. సైన్స్, ఇంగ్లిష్‌కి వేరే టీచర్లని చూసి పెట్టమని తల్లిదండ్రులు అడిగారు. ఒక్క పిల్లవాడికి విడిగా చెప్పే ట్యూషన్, నెలకి 2,000. నా కమీషన్ నూటికి ఇరవై, అంటే 400. 12 మందిని కలిపాను. మొదటి నెల 4,800 వచ్చింది. రెండో నెల ఏడుగురే కట్టారు, మూడో నెల నలుగురు.

పిల్లలు మానేశారని టీచర్లు చెప్పారు. కొన్నాళ్లకి ఒక పిల్లవాడు నా మ్యాథ్స్ క్లాసులోనే "సార్, రేపు సైన్స్ టెస్ట్ ఉంది, ఆ మేడమ్ పెట్టారు" అన్నాడు. మానలేదు, నేరుగా మాట్లాడుకున్నారు. వాళ్ల తప్పని నేను అనను. రోజూ ముఖాలు చూసుకునే తల్లికీ టీచర్‌కీ మధ్యలో నేను రెండో నెల ఏం చేస్తున్నాను? ఏమీ లేదు. ఏమీ చేయనివాడికి నెలకి 400 ఎవరిస్తారు?

మధ్యలో ఉన్నవాడు ప్రతి నెలా ఏదో ఒక పని చేస్తుంటేనే కమీషన్ నిలుస్తుంది. టైమ్ టేబుల్ చూడటం, టీచర్ రాని రోజు ఇంకొకర్ని పెట్టడం, నెలకో టెస్టు పెట్టి మార్కులు ఇంటికి పంపడం, ఇలాంటివి. ఆ ఓపిక లేకపోతే నేను ఇప్పుడు చేస్తున్నట్టు చేయండి: కలిపినందుకు ఒకసారి 1,000 తీసుకుంటాను. 15 రోజుల్లో టీచర్ నచ్చకపోతే ఇంకొకర్ని చూపిస్తాను. ఆ తర్వాత వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. పాత పద్ధతిలో మూడు నెలలకి 12, 7, 4 కలిపి 23 సార్లు 400, అంటే 9,200, అదీ అడిగి అడిగి వసూలు చేసుకుంటే. కొత్త పద్ధతిలో అదే 12 మందికి 12,000, మొదటి వారంలోనే.

పన్ను మాట కూడా ఇక్కడే చెప్పాలి. మీ సొంత ట్యూషన్ ఏడాదికి 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటితే కోచింగ్ మీద 18 శాతం. కానీ మీ యాప్‌లోనో సైట్‌లోనో వేరే టీచర్ల ఫీజు మీరు వసూలు చేసి, కమీషన్ పట్టుకుని మిగతాది వాళ్లకి పంపిస్తే, చట్టం మిమ్మల్ని ఈ-కామర్స్ ఆపరేటర్‌గా చూసే వీలుంది. అప్పుడు 20 లక్షల మినహాయింపు మీకు వర్తించదు. అలా మొదలుపెట్టే ముందు ఒక అకౌంటెంట్‌ని కలవండి. ఫీజు నేరుగా టీచర్‌కే వెళ్లి, మీకు కలిపిన ఫీజు మాత్రమే వస్తే అది మీ సొంత ఆదాయం, లెక్క సులువు.

[తెరపై: లెడ్జర్‌లో ఖాళీ పేజీ. చెయ్యి పెన్నుతో గీతలు గీస్తుంది.]

ఇప్పటికే పిల్లలకి చెప్తున్నవాళ్లు ఇవాళ ఒక పని చేయండి. పోయిన జూన్‌లో చేరిన పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన నెలలు రాసి, ఫీజు కట్టిన నెలకి టిక్కు పెట్టండి. ఆగిపోయిన చోట గీత గీయండి. గీతలన్నీ దసరా దగ్గర ఉన్నాయంటే టర్మ్ ఫీజు పెట్టండి. జూలైలోనే ఉన్నాయంటే ఫీజు పద్ధతి మార్చి లాభం లేదు, పాఠంలోనో టైమింగ్‌లోనో ఏదో ఉంది, ముందు ఆ ఇళ్లకి ఫోన్ చేసి అడగండి. ఆ పేజీ ఫోటో కింద పెట్టండి, పేర్లు కనపడకుండా. మీ గీతలు ఎక్కడున్నాయో నేను ఒక్కొక్కటీ చూసి జవాబు ఇస్తాను.