లక్షకు తక్కువ వస్తే ఇన్ఫెక్షన్ లేనట్టేనా? యూరిన్ కల్చర్‌లో వాడే రెండు లూపుల రివ్యూ

నమస్కారం. నేను చెన్నైలోని ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో మైక్రోబయాలజీ బెంచి మీద పనిచేస్తున్నాను. ఈ రోజు నా చేతిలో ఉన్నవి రెండు డిస్పోజబుల్ ప్లాస్టిక్ లూపులు. ఒకటి 1 మైక్రోలీటరు యూరిన్ తీసుకుంటుంది, రెండోది 10 మైక్రోలీటర్లు తీసుకుంటుంది. చూడటానికి కొన వద్ద ఉన్న చిన్న వలయం సైజు తప్ప వీటిలో తేడా ఏమీ కనిపించదు. కానీ యూరిన్ కల్చర్ రిపోర్టులో "సిగ్నిఫికెంట్ గ్రోత్ లేదు" అన్న మాట రావాలో వద్దో చాలాసార్లు ఈ వలయమే నిర్ణయిస్తుంది. అందుకే దీన్ని లూపుల రివ్యూగా మొదలుపెట్టినా, యూరిన్‌లో బాక్టీరియా మిల్లీలీటరుకు లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్ అనే హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ముందుకు వెళ్ళలేను.

ముందుగా లెక్క చూద్దాం. 1 మైక్రోలీటరు అంటే ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు. కాబట్టి ఈ చిన్న లూపుతో యూరిన్ రాసి బాక్టీరియాను పెంచిన ప్లేటు మీద కనిపించే ఒక్కొక్క కాలనీని, అంటే బాక్టీరియా గుంపును, మిల్లీలీటరుకు వెయ్యిగా లెక్కిస్తాము, 100 కాలనీలు వస్తే లక్ష. రిపోర్టులో `10^5 CFU/mL` అని అచ్చయ్యేది ఈ లక్షే. పెద్ద లూపుతో అయితే ఒక కాలనీ వందకు సమానం. ఇక్కడ కాలనీ అంటే ఒకే బాక్టీరియా నుంచి పుట్టిందన్న హామీ లేదు. నాలుగైదు కణాలు అతుక్కుని వచ్చినా అవి ఒకే కాలనీగా పెరుగుతాయి. అందుకే బాక్టీరియా సంఖ్య అని రాయకుండా కాలనీ ఫార్మింగ్ యూనిట్ అని రాస్తాము.

ఇప్పుడు ఈ రెండు ప్లేట్లను దగ్గరగా చూడండి. రెండూ సీఎల్ఈడీ అగర్ ప్లేట్లే, రెండూ ఒకే శాంపిల్ నుంచి, ఒకే సమయంలో రాసినవే. తరమణి వైపు ఉద్యోగం చేసుకుంటున్న 29 ఏళ్ళ నెల్లూరు అమ్మాయి శాంపిల్ ఇది. రెండు రోజులుగా మూత్రానికి వెళ్ళినప్పుడల్లా మంట, గంటకోసారి వెళ్ళాల్సిరావడం ఆమె బాధ. అంతకుముందు వేరొక చోట చేయించిన కల్చర్‌లో సిగ్నిఫికెంట్ గ్రోత్ లేదని వచ్చింది. అయినా మైక్రోస్కోపీలో ఒక్కో హై పవర్ ఫీల్డుకు 15 నుంచి 20 పస్ సెల్స్, అంటే చీము కణాలు, కనిపించడంతో ఆమెను చూస్తున్న డాక్టరుగారు మళ్ళీ శాంపిల్ పంపించారు. చిన్న లూపుతో రాసిన ఈ ప్లేటు మీద 5 కాలనీలు ఉన్నాయి, అంటే 5,000. పెద్ద లూపు ప్లేటు మీద నేను లెక్కపెట్టినవి 43, అంటే 4,300. రెండింటి మీదా ఒకే రకం కాలనీలు, లాక్టోజును పులియబెట్టడం వల్ల పసుపు రంగులో ఉన్నాయి. అది ఈ.కోలై అని తేలింది. లక్షకు ఎంతో తక్కువ, కానీ ఈ అమ్మాయికి ఉన్నది ఇన్ఫెక్షనేనని నా నిశ్చితాభిప్రాయం.

అలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే ఆ లక్ష ఎవరి కోసం పెట్టిన హద్దో చూడాలి. 1950ల నడుమ బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ఎదుర్కొన్న ప్రశ్న మన ప్రశ్న కాదు. ఏ బాధా లేని స్త్రీల యూరిన్‌లో బాక్టీరియా కనిపిస్తే, అది నిజంగా మూత్రాశయంలో ఉన్నదా లేక బయటి చర్మం నుంచి శాంపిల్‌లోకి కొట్టుకువచ్చినదా అన్నది ఆయన తేల్చుకోవలసి వచ్చింది. అక్యూట్ పైలోనెఫ్రైటిస్ అనే కిడ్నీ ఇన్ఫెక్షన్ ఉన్న రోగుల్లో అత్యధికుల కౌంట్ లక్షకు పైనే ఉండగా, బాధ లేని వారిలో ఎక్కువమందికి అంతకంటే చాలా తక్కువ ఉంది. ఆ రెండు గుంపులను విడదీసే గీత లక్ష దగ్గర పడింది. బాధ లేని స్త్రీలో ఒక్క శాంపిల్‌లో లక్ష దాటితే అది నిజమైన బాక్టీరియూరియా, అంటే మూత్రాశయంలోనే బాక్టీరియా ఉండటం, అయ్యే అవకాశం సుమారు 80 శాతమనీ, వరుసగా రెండు శాంపిళ్ళలో దాటితే సుమారు 95 శాతమనీ తేలింది. బాధ లేని స్త్రీల విషయంలో ఈనాటికీ రెండు శాంపిళ్ళు అడగడానికి మూలం ఇదే. ఆ ప్రశ్నకు అది చాలా మంచి జవాబు. పొరపాటు తరువాత జరిగింది. మంటతో బాధపడుతూ వచ్చిన మనిషికి కూడా అదే గీతను పెట్టి కొలవడం అలవాటైపోయింది.

1982లో సియాటిల్‌లో వాల్టర్ స్టామ్, ఆయన సహచరులు ఈ అలవాటును పరీక్షించారు. మూత్రంలో మంట ఉన్న స్త్రీల మూత్రాశయం నుంచి సూదితో గాని కేథెటర్‌తో గాని నేరుగా యూరిన్ తీసి, వారి మిడ్‌స్ట్రీమ్ శాంపిల్‌తో, అంటే మొదటి ధార వదిలేసి నడుమ పట్టిన యూరిన్‌తో, పోల్చి చూశారు. మూత్రాశయంలో ఈ.కోలై కోవకు చెందిన బాక్టీరియా నిజంగా ఉన్నవారిలో దాదాపు సగం మందిని మాత్రమే లక్ష హద్దు పట్టుకోగలిగింది. హద్దును వందకు దించితే 95 శాతం మంది దొరికారు. ఇన్ఫెక్షన్ లేనివారికి లేదని సరిగ్గా చెప్పడం మాత్రం 85 శాతం దగ్గర నిలిచింది. తక్కువ కౌంట్‌కు కారణాల్లో ఒకటి ఊహించడం కష్టం కాదు. గంటకోసారి మూత్రానికి వెళుతూ, మంట తగ్గుతుందని చెంబులకొద్దీ నీళ్ళు తాగుతున్న మనిషి మూత్రాశయంలో బాక్టీరియాకు నిలిచి పెరిగే సమయం ఉండదు, ఉన్నది కూడా పలచబడిపోతుంది.

ఇక లూపుల దగ్గరకు తిరిగి వద్దాం. యూరిన్‌లో మిల్లీలీటరుకు సరిగ్గా వెయ్యి ఉందనుకోండి. చిన్న లూపులోకి సగటున ఒక్క కణం వస్తుంది. సగటున ఒకటి అంటే ప్రతిసారీ ఒకటి వస్తుందని అర్థం కాదు. నూటికి 37 సార్లు అసలు ఏమీ రాదు, ప్లేటు ఖాళీగా ఉంటుంది. అదే శాంపిల్ నుంచి పెద్ద లూపుతో సగటున పది వస్తాయి, ప్లేటు ఖాళీగా మిగలడం దాదాపు జరగదు. వందకు దిగితే పెద్ద లూపు కూడా అదే అంచుకు చేరుతుంది, అక్కడ దానికి దక్కేదీ సగటున ఒకటే. అందువల్ల స్టామ్ చెప్పిన వందను రోజువారీ బెంచి మీద నమ్మకంగా కొలవడం పెద్ద లూపుతో కూడా కష్టం. మంట ఉన్న స్త్రీలో వెయ్యి దాటిన ఈ.కోలై ఒక్కటే పెరిగితే దాన్ని వదలకూడదన్నది నేను పాటించే పద్ధతి. పెద్ద లూపుకు మరోవైపు లోపముంది. లక్ష ఉన్న శాంపిల్‌కు దాని ప్లేటు మీద వెయ్యి కాలనీలు వచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, లెక్క సాధ్యం కాదు. పైహద్దు చెప్పడానికి చిన్నదే నయం.

లూపు పట్టుకునే తీరు గురించి ఒక మాట. శాంపిల్‌ను మెల్లగా కలిపి, లూపును నిలువుగా, ఉపరితలానికి కాస్త కిందికి మాత్రమే ముంచి నిలువుగానే పైకి తీయాలి. కొన్నేళ్ళ క్రితం మా బెంచి మీద ఒకరి ప్లేట్లలో కౌంట్లు మిగతావారి కంటే ఎప్పుడూ ఎక్కువగా వస్తుంటే, పక్కన నిలబడి చూశాము. సీసాను వంచి, లూపును ఏటవాలుగా కాడ వరకు ముంచుతున్నారు. కాడకు అంటుకున్న యూరిన్ కూడా ప్లేటు మీదకు దిగుతోంది. అనుమానం వస్తే 10 మైక్రోలీటర్ల లూపును సున్నితమైన త్రాసు మీద సరిచూడవచ్చు, అది ఎత్తే నీరు 10 మిల్లీగ్రాముల దగ్గర తూగాలి.

ఇప్పుడు ఈ మూడో ప్లేటు. ఇది అదే రోజు ఒక 70 ఏళ్ళ పెద్దావిడ ఇంటి నుంచి వచ్చిన శాంపిల్. చిన్న లూపు ప్లేటు మీదే 100 దాటిన కాలనీలు, కాని పసుపు రంగువి, లేతనీలి రంగువి, చిన్న చుక్కల్లాంటివి అంటూ మూడు రకాలు కలగలిసి ఉన్నాయి. సంఖ్య ప్రకారం లక్ష దాటింది. అయితే ఆవిడకు మూత్ర సంబంధమైన బాధ లేదు, పస్ సెల్స్ లేవు. ఆరా తీస్తే, ఇక్కడి వారు అగ్నినక్షత్రం అని పిలిచే మే నెల ఎండల్లో, ఆ సీసా ఐస్ లేకుండా స్కూటరు పెట్టెలో దాదాపు నాలుగున్నర గంటలు తిరిగిందని తెలిసింది. మొదట కాసేపు ఊరికే ఉండి, తరువాత అరగంటకోసారి రెట్టింపయ్యే బాక్టీరియాకు వెయ్యి నుంచి లక్ష దాటడానికి ఏడు రెట్టింపులు, అంటే మూడున్నర గంటలు చాలు. రెండు గంటల్లోపు ప్లేటు మీదకు రాని శాంపిల్‌ను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద గాని, బోరిక్ యాసిడ్ ఉన్న సీసాలో గాని ఉంచాలన్న నియమం ఇందుకే. శుభ్రం చేసుకుని ఇచ్చిన మిడ్‌స్ట్రీమ్ యూరిన్‌ను ఐస్‌లో తెప్పించి మళ్ళీ రాస్తే వెయ్యి కూడా రాలేదు. మొదటి సంఖ్యను నమ్మి ఉంటే ఆవిడకు అక్కరలేని యాంటీబయాటిక్ పడి ఉండేది. నిజంగానే లక్ష ఉన్నా, బాధ లేకపోతే గర్భిణులకు, మూత్రమార్గంలో రక్తం వచ్చేలా చేసే యూరాలజీ ప్రక్రియలకు వెళ్ళేవారికి తప్ప మందు ఇవ్వకూడదన్నదే ఇప్పటి మార్గదర్శకాల మాట.

తక్కువ కౌంట్‌ను గౌరవించడం అంటే కనిపించిన ప్రతి కాలనీనీ రిపోర్టు చేయడం కూడా కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో మిడ్‌స్ట్రీమ్ శాంపిల్‌లోని ఈ.కోలై, కౌంట్ తక్కువగా ఉన్నా, మూత్రాశయంలోనూ దొరికింది. ఎంటెరోకాకస్, గ్రూప్ బీ స్ట్రెప్టోకాకస్ మాత్రం మిడ్‌స్ట్రీమ్‌లో కనిపించినా మూత్రాశయంలో చాలాసార్లు లేవు. ఒకే సంఖ్య బాక్టీరియా పేరును బట్టి అర్థం మార్చుకుంటుంది.

కాబట్టి నా తీర్పు ఇది. ప్రతి శాంపిల్‌కూ చిన్న లూపు సరిపోతుంది అనే ల్యాబుకు నేను ఒప్పుకోను. మంట ఉన్న స్త్రీల శాంపిళ్ళకు, కేథెటర్ ద్వారా తీసినవాటికి రెండు లూపులూ వాడాలి. మూత్రాశయం నుంచి సూదితో తీసిన యూరిన్‌కు పెద్ద లూపు తప్పనిసరి, అందులో ఎంత తక్కువ పెరిగినా పట్టించుకోవలసిందే. అయితే బెంచి మీద ఉన్న మాకు ఎవరికి మంట ఉందో, యూరిన్ ఎలా తీశారో తెలియాలి కదా. వచ్చే ఫారాల్లో అధికభాగం "కల్చర్" అన్న ఒక్క మాటతో వస్తాయి. డాక్టర్లు, నర్సులు ఎవరైనా చూస్తుంటే, ఆ ఫారం మీద బాధ ఏమిటో, శాంపిల్ ఎలా, ఎన్ని గంటలకు తీశారో రాయండి. ఏ లూపు తీయాలో మాకు చెప్పేది ఆ ఒక్క వరుసే.

నెల్లూరు అమ్మాయి రిపోర్టులో చివరికి మేము ఇలా రాశాము: ఈ.కోలై, మిల్లీలీటరుకు సుమారు 4,000, ఒకే రకం పెరుగుదల, పస్ సెల్స్ ఉన్నాయి, లక్షణాలతో కలిపి చూస్తే ఇది సిగ్నిఫికెంట్‌గా పరిగణించదగినది, నైట్రోఫ్యురాంటాయిన్‌కు సెన్సిటివ్.