కోటు వేయమని అడిగింది ఎవరు?

శ్రోతలకు నమస్కారం. హన్మకొండలో చాలా ఏళ్లుగా చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో దిగడానికి వచ్చే పిల్లలు “అన్నా, కోటు వెయ్యి” అంటారు. కంప్యూటర్లో వాళ్ల టీషర్టు తీసి కోటు, టై పెడతాను. ఫొటో అతనిది, అడిగింది అతనే, పక్కన కూర్చుని చూసేదీ అతనే. ఇందులో తప్పేమీ లేదు.

కొన్నేళ్ల కింద ఒకాయన తన ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫొటో తెచ్చాడు. సద్దుల బతుకమ్మనాడు చీరలో దిగిన ఫొటో. “చీర తీసి పొట్టి గౌను పెట్టండి, ఆఫీసులో నవ్వుకుంటాం” అన్నాడు. ఆమెను అడిగావా అంటే మాట్లాడలేదు. నేను చేయనన్నాను. అప్పుడు అలాంటి పనికి రెండు మూడు గంటలు పట్టేది, మధ్యలో నాలాంటివాడు ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ఫొటోలో బట్టలు మార్చే యాప్ ఫోన్లో ఉంటే నిమిషం చాలు. అడ్డం చెప్పే మనిషి లేడు.

ఆ యాప్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మెడ కింద బట్ట ఉన్న భాగాన్ని గుర్తుపట్టి చెరిపేస్తుంది. ఆ ఖాళీలో ఎలాంటి ఒళ్లు, ఎలాంటి బట్ట ఉండొచ్చో అది అంతకుముందు చూసిన లక్షల బొమ్మలను బట్టి ఊహించి గీస్తుంది. అంటే కనిపించే ఒళ్లు ఆమెది కానే కాదు. “అది ఆమె ఒళ్లు కాదు కదా, ఇక నష్టమేంటి” అనేవాళ్లు ఉన్నారు. కానీ ముఖం ఆమెదే. చూసేవాళ్లు ముఖాన్నే గుర్తుపడతారు. గొలుసు చర్మంలో కలిసిపోవడం, కొంగు పట్టిన వేళ్లు వంకర పోవడం నాలాంటివాడు పెద్దగా చేసి చూస్తే కనిపించవచ్చు. గ్రూపులో చూసి పంపేవాడు అంత చూడడు.

మాకు తెలిసిన ఒకామెకు ఇదే జరిగింది. తోటి ఉద్యోగి ఆమె బతుకమ్మ ఫొటోలో చీర తీసేసి ఈత దుస్తులు పెట్టి, ఐదుగురు ఉన్న గ్రూపులో వేశాడు. రెండో రోజుకు అది ఆమె మరిదికి చేరింది. ఆమె టెన్షన్‌లో తనకు వచ్చిన మెసేజ్ డిలీట్ చేసింది, ఆఫీసు గ్రూపుల నుంచి కూడా బయటికి వచ్చేసింది. బాధలో ఎవరైనా అదే చేస్తారు. కానీ దాంతో ఆమె చేతిలో రుజువు లేకుండా పోయింది. ఆ ఐదుగురిలో ఉన్న ఒక అక్క పంపినవాడి నంబరు, గ్రూపు పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచింది కాబట్టి సరిపోయింది.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆమె అలాగే ఇచ్చింది. “సరదాకు చేశాను” అన్నది అతని జవాబు. కమిటీలో ఒక పెద్దామె ఒకే ప్రశ్న వేసిందట: “సరదా అయితే ఆమె లేని గ్రూపులో ఎందుకు వేశావు బిడ్డా?”

బొమ్మ అశ్లీలంగా ఉంటే ఐటీ చట్టం 67వ సెక్షన్ వర్తిస్తుంది. అందులో ప్రచురించడంతోపాటు పంపడం కూడా నేరమే. అందుకే ఫార్వర్డ్ చేసినవాడు “చేసింది నేను కాదు” అని తప్పించుకోలేడు. cybercrime.gov.in లో మహిళలు, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. వేసింది పొట్టి గౌను మాత్రమే అయితే అశ్లీలం అని నిరూపించడం కష్టం కావచ్చు. అయినా ఆమెకు జరిగిన అవమానం చిన్నదైపోదు.

ఇక ఇంట్లో సంగతి. చెడు ఉద్దేశం లేకున్నా మనం ఇక్కడే ఎక్కువ తప్పు చేస్తాం. మా బావమరిది తన మేనకోడలి సంబంధాల కోసం ఒక ఫొటో తెచ్చాడు. అమ్మాయి జీన్స్‌లో ఉంది. “పట్టుచీర పెట్టు బావా, మన పిల్లే కదా” అన్నాడు. ముందు అమ్మాయికి ఫోన్ చెయ్యమన్నాను. ఏ ఫొటో, ఏ బట్ట పెడతాం, ఎవరెవరికి పంపుతాం, ఈ మూడూ చెప్పమన్నాను. ఎందుకంటే ఆమె ఆ ఫొటో దిగింది స్నేహితురాలి కోసం. అప్పటి ఒప్పుదల ఆ ఫొటో వరకే. పైగా ఆమె ఎప్పుడూ కట్టని చీరలో ఆమెను చూసి అవతలివాళ్లు ఒక అభిప్రాయానికి వస్తారు. రేపు దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.

ఆ పిల్ల స్పీకర్ ఫోన్లోనే చెప్పింది: “మామా, జీన్స్ ఫొటో పంపొద్దు, చీర కూడా అతికించొద్దు. నేనే వస్తా.” ఆ తర్వాతి ఆదివారం పచ్చ చీర కట్టుకొని వచ్చింది. నాలుగు ఫొటోలు తీస్తే అందులో రెండు తనే వద్దంది. మిగిలిన రెండే పంపాం.