లెక్క సరిపోయినా డెఫర్డ్ టాక్స్ బ్యాలెన్స్ తప్పుగా ఉండొచ్చు

నమస్కారం. 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి ఒక ప్రైవేట్ కంపెనీ ఆడిట్ ఫైల్ తీసుకుందాం. ఏఎస్ 22 వర్తిస్తుంది, సెక్షన్ 115బీఏఏ ఎంచుకున్నారు. 22 శాతం మీద 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్ కలిపితే రేటు 25.168 శాతం.

పన్నుకు ముందు లాభం 80 లక్షలు. పుస్తకాల డిప్రిసియేషన్ 24 కలిపి, ఆదాయపు పన్ను డిప్రిసియేషన్ 30 తీసేయండి. గ్రాట్యుటీ ప్రొవిజన్ 4, చిన్న సప్లయర్లకు గడువు దాటినా చెల్లించని 6, పెనాల్టీ 1 కలపండి. 85 లక్షలు వస్తుంది, దాని మీద పన్ను 21,39,280.

ఆ 6 లక్షల దగ్గర కాస్త ఆగండి. "రిటర్న్ వేసేలోపు కట్టేశాం సార్" అంటారు క్లయింట్. ఈ బాకీలకు వర్తించే సెక్షన్ 43బీ(హెచ్)కి ఆ వెసులుబాటు లేదు. మార్చి 31 నాటికి గడువు దాటి బాకీ ఉంటే, కట్టిన ఏడాదిలోనే మినహాయింపు. సప్లయర్ ఉద్యమ్ సర్టిఫికెట్ చూడండి: మైక్రో, స్మాల్ మాత్రమే, మీడియం కాదు.

ఇక గ్రాట్యుటీ 4, సప్లయర్ల 6 కలిపి, డిప్రిసియేషన్ తేడా 6 తీసేస్తే మిగిలే 4 లక్షల టైమింగ్ తేడా మీద క్లయింట్ డెఫర్డ్ టాక్స్ క్రెడిట్ 1,00,672 రాశారు. మొత్తం పన్ను ఖర్చు 20,38,608. సరిచూడటం తేలికే: 80 లక్షలకు ఎప్పటికీ సర్దుకోని పెనాల్టీ 1 లక్ష కలిపి 25.168 శాతం వేస్తే అదే అంకె. చాలామంది ఇక్కడే టిక్ కొట్టేస్తారు. కొట్టకండి, ఎందుకంటే ఈ పరీక్ష చూసేది ఏడాదిలో వచ్చిన మార్పునే.

బ్యాలెన్స్ షీట్‌లో నికర లయబిలిటీ 12,08,064 ఉంది. వర్కింగ్ తెరవండి. పుస్తకాల్లో ఆస్తుల విలువ 190 లక్షలు, ఆదాయపు పన్ను డబ్ల్యూడీవీ 118, తేడా 72. గ్రాట్యుటీ నిల్వ 18, సప్లయర్ల 6 తీసేస్తే 48 లక్షలు. ఇప్పుడు ఆస్తుల షెడ్యూల్‌లో మొదటి వరుస చూడండి: భూమి, 40 లక్షలు. భూమికి రెండు చోట్లా డిప్రిసియేషన్ లేదు కాబట్టి ఇందులో టైమింగ్ తేడా ఏమీ లేదు. అది తీసేస్తే 8 లక్షలే, లయబిలిటీ 2,01,344.

మరి మొదటి పరీక్షలో ఎందుకు పట్టుబడలేదు? ఓపెనింగ్‌లోనూ అదే భూమి ఉంది. రెండు వైపులా ఒకే తప్పు ఉంటే తేడా సరిగ్గానే వస్తుంది. అందుకే క్లోజింగ్ బ్యాలెన్స్‌ను విడిగా, ఆస్తి వారీగా కట్టాలి. ఓపెనింగ్ డబ్ల్యూడీవీని కూడా క్లయింట్ షీట్ నుంచి కాకుండా, దాఖలైన రిటర్న్ నుంచే తీసుకోండి.

అదనంగా ఉన్న 10,06,720 గతేడాది నుంచి వచ్చిన తప్పు. లయబిలిటీ డెబిట్ చేసి, ఏఎస్ 5 ప్రకారం ప్రయర్ పీరియడ్ ఐటమ్‌గా ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలో విడిగా చూపించమని చెప్పండి. ఈ ఏడాది డెఫర్డ్ టాక్స్ క్రెడిట్‌లో కలపనివ్వకండి. కలిపితే ఇందాకటి పరీక్ష ఈసారి నిజంగానే తప్పుతుంది.