పలాస పప్పు, ఇటలీ సీసా: లేబుల్ మీద దేశం పేరు ఎలా చదవాలి
(శ్రీకాకుళంలో వినియోగదారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పలాస వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కొందరైనా ఉంటారు కాబట్టి మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. పలాసలో కాల్చి, ఒలిచి, గ్రేడు కట్టే జీడిపిక్కలన్నీ ఉద్దానం తోటల్లో కాసినవి కావు. ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగినవీ ఉంటాయి. పొట్లం మీద ‘పలాస’ అని ఉంటే అది పని జరిగిన ఊరు. చెట్టు ఉన్న ఊరు అదే కానక్కర్లేదు. ఆలివ్ నూనె సీసాతోనూ, విదేశీ తేనెతోనూ ఇదే పేచీ.

ముందు నూనె సంగతి. పసిపిల్లల ఒంటికి రాయడానికని కొన్న లీటరు సీసా ఒకటి అనుకోండి. ముందువైపు ఇటాలియన్ పేరు, ఆలివ్ కొమ్మ బొమ్మ. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ‘ప్యాక్డ్ ఇన్ ఇటలీ’. దాని కింద ఇంకా చిన్నగా ‘బ్లెండ్ ఆఫ్ ఆలివ్ ఆయిల్స్ ఆఫ్ యూరోపియన్ యూనియన్ ఆరిజిన్’. మొదటి మాట సీసా నింపిన చోటు చెబుతుంది. రెండోదే అసలు పుట్టుక. యూనియన్‌లోని ఒకటికి మించిన దేశాల నూనెలు కలిపారని దాని అర్థం. స్పెయిన్ ఎంత, గ్రీస్ ఎంత, అసలు ఇటలీ నూనె ఉందా లేదా అన్నది ఆ మాట చెప్పదు. చెప్పాలని అక్కడి చట్టం అడగదు కూడా. ఇదే మాట ఇంకో రెండు రూపాల్లో కనిపిస్తుంది: ‘నాట్ ఆఫ్ యూరోపియన్ యూనియన్ ఆరిజిన్’ అంటే అన్నీ బయటి దేశాలవి, రెండూ కలిపి రాస్తే లోపలివీ బయటివీ కలిశాయి. కాయ ఒక దేశంలో కోసి, నూనె వేరే దేశంలో తీస్తే ఆ రెండు పేర్లూ విడివిడిగా రాయాలి. అలాంటి వాక్యం కనిపిస్తే అది నిజాయితీగా చెప్పిన సీసా అని నా లెక్క.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఈ పుట్టుక మాట కాయ పిండి నేరుగా తీసిన ఎక్స్‌ట్రా వర్జిన్‌కీ, వర్జిన్‌కీ మాత్రమే. ఉత్త ‘ఆలివ్ ఆయిల్’ అని ఉన్నదాంట్లో రిఫైన్డ్ నూనెకి కాస్త వర్జిన్ నూనె కలుపుతారు. ‘పోమేస్’ అంటే కాయ పిండగా మిగిలిన పిప్పి నుంచి సాల్వెంట్‌తో తీసిన నూనె. యూరప్ నిబంధనల ప్రకారం ఈ రెండింటి మీదా ఏ దేశం పుట్టుకా రాయకూడదు. మరి పోమేస్ సీసా మీద ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్’ అని ఒక దేశం పేరు ఎందుకు కనిపిస్తుంది? అది మన దిగుమతిదారు అంటించిన స్టిక్కరు. దిగుమతైన ఆహారానికి దేశం పేరు రాయాలని మన చట్టం అంటుంది. ఒక సరుకు రెండో దేశంలో స్వభావం మారేంతగా తయారైతే ఆ రెండో దేశాన్నే పుట్టుకగా లెక్కిస్తుంది. అంచేత స్టిక్కరు మీది పేరు చూసి తోట అక్కడే ఉందనుకోవద్దు. స్టిక్కరు కింద అసలు లేబుల్ మాట కప్పబడిపోయి ఉంటే, వేరే సీసా తీసుకోవడమే నయం.

ఇక తేనె. దుబాయ్ నుంచో లండన్ నుంచో మనవాళ్లు తెచ్చే సీసాల మీద ‘బ్లెండ్ ఆఫ్ ఈయూ అండ్ నాన్ ఈయూ హనీస్’ అని చూసే ఉంటారు. ఆ మాటలో తూకం లేదు. యూరప్ తేనె నూటికి ఒక్క పాలే ఉన్నా అలా రాయొచ్చు, తొంభై పాళ్లు ఉన్నా అలాగే రాయొచ్చు. ఈ గొడవ మీదే యూరోపియన్ యూనియన్ 2024లో నిబంధన మార్చింది. 2026 జూన్ 14 నుంచి అక్కడి మార్కెట్లో కలిపిన తేనెకి దేశాల పేర్లు, ఎక్కువ పాలు ఉన్నది ముందుగా, శాతాలతో రాయాలి. అంతకు ముందు లేబుల్ వేసిన సరుకు అయిపోయేదాకా అమ్ముకోవచ్చు కాబట్టి పాత మాట ఇంకొన్నాళ్లు కనిపిస్తుంది.

ఒక లేబుల్ ఊహించుకుని చదువుదాం: ‘ఉక్రెయిన్ 40, చైనా 25, హంగరీ 15, అర్జెంటీనా 12, రొమేనియా’. చివరి పేరుకి అంకె లేదని అనుమానపడక్కర్లేదు. దేశాలు నాలుగు దాటి, మొదటి నాలుగూ కలిపి సగానికి మించితే, ఆ నాలుగింటికే అంకెలు వేసే వెసులుబాటు యూనియన్‌లోని దేశాలు ఇవ్వొచ్చు. ఇక్కడ నాలుగూ కలిపి 92. అంటే రొమేనియాది మిగిలిన 8. ఒక్కో అంకెకీ 5 శాతం తేడా ఒప్పుకుంటారు, పైగా అంకె లెక్కకట్టేది కంపెనీ కొనుగోలు రికార్డుల నుంచే. పాత లేబుల్ మీదైతే ఈ సీసాకి ‘ఈయూ అండ్ నాన్ ఈయూ’ అని ఒక్క ముక్కతో సరిపోయేది. 77 పాళ్లు బయటిదే అన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఈ మాటలేవీ కల్తీ గురించి చెప్పవని కూడా గుర్తుంచుకోండి. 2023లో యూరోపియన్ కమిషన్ బయటపెట్టిన ఫలితాల్లో, పరీక్షించిన 320 దిగుమతి తేనె నమూనాల్లో 147 అనుమానాస్పదంగా తేలాయి. చక్కెర పాకం కలిసిందా లేదా అన్నది ల్యాబులో తేలాల్సిందే. దేశం పేరు చూసి తేల్చలేం. మన్యం తేనె మాత్రం ఎక్కడిదో అడగడం సులువు. సీతంపేట సంతలో అమ్మేవాణ్ణి ఏ కొండ, ఏ నెల అని అడగండి. రెండింటికీ జవాబు రాకపోతే అది కూడా బ్లెండే.