ఆ రెండు బైట్లు దాచి ఉంటే

అధ్యక్షులవారికి, నన్ను పిలిచిన మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చుని అప్పుడే ఫోన్లు బయటికి తీసిన విద్యార్థులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో ఒకటి మాత్రం సరిదిద్దాలి. ఆన్‌లైన్ గేముల్లో చీటర్లను పట్టుకోవడంలో నిపుణుణ్ణి అన్నారు. చాలా ఏళ్లు ఆ పని చేశాను, నిజమే. కానీ పట్టుకోకూడని మనిషిని ఒకసారి పట్టుకున్నాను. నిజానికి ఆ సంగతి ఎక్కడైనా చెప్పాలనే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

నిర్వాహకులు ఇచ్చిన అంశం పెద్దది. నలభై స్లైడ్లు చేసుకొచ్చాను. ఎయిమ్‌బాట్లు, సర్వర్ లెక్కలు, అన్నీ ఉన్నాయి. అవి ఫైల్‌గా ఇచ్చేస్తాను, తీరిగ్గా చూసుకోండి. ఇవాళ ఒక్క ప్రశ్నే మాట్లాడతాను: ఆటగాడి కంప్యూటర్లో నడుస్తున్న గేము కోడ్, మనం పంపినది పంపినట్టే ఉందా, ఎవరైనా చెయ్యి పెట్టారా? ఇది ఎలా తెలుస్తుంది?

ఇక్కడ చిక్కేమిటంటే, ఆట మనది, కంప్యూటర్ వాళ్లది. డిస్కు మీద ఉన్న ఎగ్జిక్యూటబుల్ ఫైల్‌ని మార్చడం తేలిక. కాని దాన్ని పట్టుకోవడమూ అంతే తేలిక కాబట్టి తెలివైన చీటర్ దాని జోలికి పోడు. గేము మెమరీలోకి ఎక్కాక అక్కడ మారుస్తాడు. మామూలుగా కోడ్ ఉండే పేజీలు, అంటే మెమరీ ముక్కలు, ఒకసారి లోడ్ అయ్యాక మారకూడదు. స్కోరు మారుతుంది, ఆటగాడు నిలబడ్డ చోటు మారుతుంది, కోడ్ మాత్రం మారదు. మారిందంటే ఎవరో మార్చినట్టే. మన పరిశీలన అంతా ఈ నమ్మకం మీదే నిలబడుతుంది. ఈ నమ్మకం ఎక్కడ జారుతుందో కాసేపట్లో చెబుతాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "ఎదుటి ఆటగాడు నాకు కనబడుతున్నాడా, గోడ వెనక ఉన్నాడా" అని తేల్చే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. అది మెమరీలో `0x140001000` దగ్గర మొదలవుతుంది. దాని మొదటి ఐదు బైట్లు ఇవి:

```
48 89 5C 24 08
```

వాల్‌హ్యాక్ రాసేవాడికి ఈ ఫంక్షన్ తన చేతిలోకి రావాలి. అందుకని ఆ ఐదు బైట్లు తీసేసి ఇవి పెడతాడు:

```
E9 FB FF FF 0F
```

`E9` అంటే గెంతు. ఎంత దూరం గెంతాలో మిగతా నాలుగు బైట్లు చెబుతాయి, వాటిని వెనక నుంచి చదవాలి: `0x0FFFFFFB`. దానికి మొదటి చిరునామా కలిపి, ఈ ఐదు బైట్ల పొడవు కూడా కలిపితే `0x150001000` వస్తుంది. అక్కడ అతని సొంత కోడ్ ఉంటుంది. ఎవరి గురించి అడిగినా "కనబడుతున్నాడు" అని జవాబిస్తుంది. దీన్నే హుక్ అంటాం.

పట్టుకోవడానికి చేసేది చాలా మామూలు పని. డిస్కులోని ఫైల్ చదువుతాం. లోడ్ అయ్యేటప్పుడు విండోస్ కొన్ని చిరునామాలను న్యాయంగానే సవరిస్తుంది, గేము ప్రతిసారీ మెమరీలో ఒకే చోట కూర్చోదు కాబట్టి. ఆ సవరణలు మనమూ లెక్కలో వేసుకుంటాం. ఇది మరిచిపోతే ప్రతి ఆటగాడూ దొంగే అవుతాడు! తరవాత పేజీ పేజీకి హాష్, అంటే ఆ బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు, తీసి మెమరీతో పోలుస్తాం. తేడా వస్తే సర్వర్‌కి కబురు పోతుంది.

ఇంత బాగా ఉంటే గొడవేమిటి? మీలో ఎవరైనా చెప్పండి. ఆ పిల్లవాడు చేయెత్తాడు. సరిగ్గా అదే బాబూ: "మారింది" అన్నది ఒక మాట, "మోసం చేశాడు" అన్నది ఇంకో మాట. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో రెండుసార్లు లోకమంతా చూసింది.

మొదటిది 2010 జులైలో. వాల్వ్ సంస్థ యాంటీ చీట్, అందరూ వ్యాక్ అంటారు, మోడ్రన్ వార్‌ఫేర్ 2 ఆడుతున్న సుమారు 12,000 మందిని రెండు వారాల్లో తప్పుగా బ్యాన్ చేసింది. కారణం వింటే నవ్వొస్తుంది. గేము కోడ్‌లో కొంత భాగం ఉండే డీఎల్ఎల్ ఫైల్ ఒకటి మెమరీలో ఉంది. అదే సమయంలో వాల్వ్ వాళ్ల గేముల దుకాణం స్టీమ్ డిస్కు మీది గేమును అప్‌డేట్ చేస్తోంది. పరిస్థితులు కలిసిరాక డిస్కులోది ఒకటి, మెమరీలోది ఇంకొకటి అయ్యాయి. పోల్చి చూస్తే తేడా. మార్చింది ఎవరు? స్టీమే! వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ తప్పు ఒప్పుకుని బ్యాన్లు ఎత్తేశారు, బాధితులకు లెఫ్ట్ 4 డెడ్ 2 ఉచితంగా ఇచ్చారు. నా దృష్టిలో ఆ గేము కన్నా కారణాన్ని దాచకుండా చెప్పడమే పెద్ద సంగతి.

రెండోది 2023 అక్టోబరు. ఏఎండీ తన గ్రాఫిక్స్ డ్రైవర్లో యాంటీ ల్యాగ్ ప్లస్ అనే సౌకర్యాన్ని కౌంటర్ స్ట్రైక్ 2కి కూడా తెచ్చింది. మౌస్ కదిపిన క్షణానికీ తెర మీద కనబడే క్షణానికీ మధ్య ఆలస్యం తగ్గించాలన్నది ఉద్దేశం. దానికోసం ఆ డ్రైవర్ గేము ఇంజిన్ డీఎల్ఎల్‌లోని ఫంక్షన్లనే పక్కకు మళ్లించింది. అంటే ఇందాక నేను చూపించిన గెంతు లాంటి పనే. ఆన్ చేసిన వాళ్లకు వ్యాక్ బ్యాన్లు పడ్డాయి. దాన్ని వాడొద్దని వాల్వ్ హెచ్చరించింది, ఏఎండీ ఆ డ్రైవర్ని వెనక్కి తీసుకుంది, అలా పడిన బ్యాన్లు ఎత్తేస్తామని వాల్వ్ చెప్పింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. తెర మీద చాట్ చూపించే ఓవర్‌లేలు కూడా హుక్‌లు వేస్తాయి కదా, వాటికి బ్యాన్ పడదేం? అవి సాధారణంగా బొమ్మ తెరకు చేరే చోట, అంటే గ్రాఫిక్స్ లైబ్రరీలో చెయ్యి పెడతాయి, గేము సొంత కోడ్‌లో కాదు. అదీకాక గెంతు ఎక్కడికి పోతోందో చూస్తాం. గెంతి దిగిన చోట డిస్కు మీద ఫైల్, దాని మీద తెలిసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉంటే ఒక లెక్క. ఏ ఫైల్‌కీ చెందని ఊరూపేరూ లేని మెమరీలో దిగితే ఇంకో లెక్క. కాని సంతకం ఉన్నంత మాత్రాన వదిలెయ్యమని నేను చెప్పను. సంతకం ఉన్న డ్రైవర్లోని లోపాన్ని వాడుకునే చీట్లూ ఉన్నాయి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇక నా కథ.

మా గేములో హాష్ తేడా వస్తే రెండు వారాలు ఆగి బ్యాన్ వేసేవాళ్లం. వెంటనే వేస్తే చీట్ అమ్మేవాడికి తన ఏ మార్పు దొరికిందో తెలిసిపోతుంది. అందుకే ఆలస్యం. ఈ పద్ధతి మంచిదే, కాని దీనికో దుర్గుణం ఉంది: బ్యాన్ పడేనాటికి ఆ రోజు ఆ కంప్యూటర్లో ఏం జరిగిందో చూపించే ఆధారం ఎవరి దగ్గరా మిగలదు. మేం సర్వర్‌కి పంపించినది రెండు హాష్‌లు మాత్రమే. ఉండాల్సినది ఇది, ఉన్నది ఇది. హాష్ అనేది ఒక బైట్ మారినా మొత్తం మారిపోతుంది, వెయ్యి బైట్లు మారినా మొత్తం మారిపోతుంది. ఏం మారిందో అది చెప్పదు.

అలా బ్యాన్ పడ్డ ఒక ఆటగాడు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. నేనేం చెయ్యలేదు, గేము అప్పుడప్పుడు దానంతటదే ఆగిపోతోంది, చూడండి సార్ అని. నేను ఖాళీలు నింపిన మూడు లైన్ల జవాబు పంపాను. మళ్లీ రాశాడు, మళ్లీ అవే మూడు లైన్లు. ఏడు ఉత్తరాలు. ప్రతి చీటరూ నేనేం చెయ్యలేదనే అంటాడు కాబట్టి నేను చదవడం మానేశాను. సిగ్గుపడే చెబుతున్నాను.

కొన్ని నెలలకు వేరే అవసరం మీద, హాష్‌తో పాటు తేడా వచ్చిన బైట్లను కూడా పంపేలా మార్చాం. రాసిన మొదటి వారంలోనే వేరే ఆటగాడి దగ్గర ఇది కనబడింది:

```
module  game.exe
offset  0x1A2F40
disk    74 1C
memory  75 1C
```

`74` అంటే "సమానమైతే గెంతు". `75` అంటే "సమానం కాకపోతే గెంతు". షరతును తిరగెయ్యడానికి చీటర్లు మొదట వాడే పాత చిట్కా ఇదే. మా వాళ్లు చప్పట్లు కొట్టారు. కాని ఆ రెండు అంకెల్ని బిట్లుగా రాసి చూడండి: `01110100`, `01110101`. తేడా ఒక్క బిట్. పాడైన ర్యామ్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది.

మరి ఎలా తేల్చాలి? ఒక్క రికార్డుతో తేలదు. నేను రోజూ చూడ్డం మొదలుపెట్టాను. చీట్ అయితే ఎన్నిసార్లు ఆడినా అదే ఆఫ్‌సెట్, అంటే గేము కోడ్ మొదలు నుంచి అంతే దూరం, దాన్ని కొన్న పది మందిలోనూ అదే ఆఫ్‌సెట్. ర్యామ్ అయితే ఒక్క మనిషి దగ్గరే, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా వేరే చోట. ఆపకపోతే మాత్రం కొన్నాళ్లు ఒకే చోట కనబడొచ్చు, ఎందుకంటే గేము మూసినా విండోస్ ఆ పేజీని మెమరీలోనే అట్టే పెట్టి మళ్లీ వాడుతుంది. ఈ మనిషి దగ్గర మూడు రోజులు ఒకే చోట, నాలుగో రోజు ఇంకో చోట, అదీ ఏ షరతుతోనూ సంబంధం లేని బైట్లో. ర్యామే.

అప్పుడు నాకు ఏడు ఉత్తరాల మనిషి గుర్తొచ్చాడు. గేము దానంతటదే ఆగిపోతోంది అన్నాడే, పాడైన ర్యామ్ లక్షణం అదే కదా. అతని బైట్లు మా దగ్గర లేవు. రెండు హాష్‌లున్నాయి, అంతే. వాటిని ఎంతసేపు చూసినా దొంగో దొరో తేలదు.

ఈ పరిశీలన అన్నీ పట్టేస్తుందని మీరు అనుకోకూడదు కాబట్టి రెండు ముక్కలు. ఒక్క బైటూ మార్చకుండా, ప్రాసెసర్లోని డీబగ్ రిజిస్టర్లతో నాలుగు చోట్ల వరకు ఆటను ఆపి దారి మళ్లించొచ్చు. అసలు ఏమీ మార్చకుండా, మెమరీని బయటి నుంచి చదివి శత్రువులు ఎక్కడున్నారో వేరే తెర మీద చూసేవాడి ముందు ఈ పద్ధతి గుడ్డిది. విండోస్ లోపలి పొరలో కూర్చుని కాపలా కాసే కెర్నెల్ డ్రైవర్ల గోల అక్కడి నుంచే వచ్చింది. అది ఇంకో రోజుకి సరిపడా రభస, దాని జోలికి ఇప్పుడు పోను.

మీలో ఎవరైనా రేపు ఇలాంటి పరిశీలన రాస్తే, మీ రికార్డులో ఆఫ్‌సెట్, తేడా చుట్టూ ఒక పదహారు బైట్లు, గెంతు ఉంటే అది దిగే చోటు ఏ ఫైల్‌దో, ఇవి ఉంచండి. మహా అయితే వంద బైట్లు. మేం ఆదా చేసింది అంతే, మనిషికి వంద బైట్లు.

అతనికి ఉత్తరం రాశాను. ర్యామ్ పరీక్ష చేసి పంపమని అడిగాను. మర్నాడే ఫొటో వచ్చింది, తెర నిండా ఎర్ర గీతలు. అతను ఆ పరీక్ష చేసింది నేను అడిగాక కాదు. ఫొటో మూలన తేదీ చూశాను. మూడో ఉత్తరంలోనే దాన్ని జతచేశాడు.