పుట్టినరోజు సందేశంలో ఎవరు ఎవరిని దీవించాలి?

అందరికీ నమస్కారం.

పుట్టినరోజు సందేశానికి రెండు మూడు వాక్యాలు చాలు. ఆ రెండు మూడు వాక్యాల దగ్గరే చాలామంది తడబడతారు. పెద్దవాళ్లకు రాసేటప్పుడు సంస్కృత పదాలు గుప్పిస్తే మర్యాదగా ఉంటుందని, చిన్నవాళ్లకు మామూలు మాటలు చాలని ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. ‘జన్మదినం’ అంటే గౌరవం, ‘పుట్టినరోజు’ అంటే చనువు అనుకుంటారు. తెలుగులో మర్యాదకు పదాల బరువుతో పెద్దగా పని లేదు. నువ్వు అన్నామా మీరు అన్నామా, క్రియను ఎలా ముగించాం, దీవెన ఎవరి నుంచి ఎవరికి వెళ్తోంది, మర్యాద ఈ మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోదాన్ని మరిచిపోతున్నాం.

ఒక నమూనా చూద్దాం. విశ్రాంత ఉపాధ్యాయుడికి పాత విద్యార్థి ఇలా రాశాడనుకోండి: ‘గౌరవనీయులైన మాస్టారికి హార్దిక జన్మదిన శుభాకాంక్షలు. నీవు నిండు నూరేళ్లు పిల్లాపాపలతో చల్లగా వర్ధిల్లాలని దీవిస్తూ, మీ శిష్యుడు.’ ఇందులో తేలిక మాట ఒక్కటీ లేదు. అయినా మాస్టారి మనసు ఎక్కడో కలుక్కుమంటుంది. మొదటి కారణం ‘నీవు’. పద్యాల్లో దేవుణ్ణి, రాజును కూడా నీవు అంటాం కాబట్టి అది గంభీరంగా వినిపిస్తుంది. గంభీరంగా ఉన్నంత మాత్రాన మాస్టారికి సరిపోదు, ఆయనకు ‘మీరు’ అనే రాయాలి. పూల బొమ్మల మీద అచ్చయిన కవితల్లో ఎక్కువ భాగం నీవు, నీ అనే ఉంటాయి. వాటిని చూసుకోకుండా మామయ్యకూ మాస్టారికీ పంపినప్పుడే ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. రెండో కారణం ఇంకా పెద్దది. ‘చల్లగా వర్ధిల్లు’ పెద్దలు పిల్లల తల మీద చెయ్యి వేసి అనే మాట. ‘దీవిస్తూ’ సరేసరి. శిష్యుడు గురువును దీవించడు, గురువు కోసం ప్రార్థిస్తాడు.

అదే సందేశాన్ని తేలిక మాటలతో ఇలా రాయవచ్చు: ‘మాస్టారికి నమస్కారాలు. పుట్టినరోజు శుభాకాంక్షలు. తొమ్మిదో తరగతిలో మీరు చెప్పిన సంధులు ఇప్పటికీ మా అమ్మాయికి అలాగే చెబుతున్నాను. మీరు ఆయురారోగ్యాలతో ఉండాలని దేవుణ్ణి ప్రార్థిస్తున్నాను. మీ ఆశీస్సులు మాకు ఎప్పుడూ ఉండాలి.’ ఇందులో బరువైన సమాసం ‘ఆయురారోగ్యాలు’ ఒక్కటే. నమస్కారంతో మొదలై, ప్రార్థన మీదుగా ఆశీస్సులు అడగడంతో ముగిసింది. దీవెన గురువు నుంచి శిష్యుడికే వచ్చింది. సంధుల గురించిన వాక్యం ఉండటం వల్ల, ఈ సందేశాన్ని మరొకరికి పంపడం కుదరదు. దేవుడి మాట ఇష్టం లేనివారు ‘మనసారా కోరుకుంటున్నాను’ అనవచ్చు, మర్యాద ఏమీ తగ్గదు.

‘నిండు నూరేళ్లు’ అన్న మాటను వయసు చూసి వాడాలి. ఇరవై ఏళ్ల వాడికి అది పెద్ద వరం. తొంభై ఆరేళ్ల తాతగారికి రాస్తే ఇంకా నాలుగేళ్లే అని లెక్క చెప్పినట్టు అవుతుంది. అక్కడ ‘ఆయురారోగ్యాలతో’ అని ఊరుకోవడం మేలు. అరవై నిండిన వారికి రాసేటప్పుడు ఒక ఒత్తు విషయంలో జాగ్రత్తపడాలి. అరవైని చెప్పేది షష్టి, కాబట్టి అది షష్టిపూర్తి. షష్ఠి అంటే ఆరో తిథి. ఫ్లెక్సీల మీద ఈ ఠ వత్తు తరచూ కనిపిస్తుంది. ఇంకొకటి, ‘జయంతి’ని కాలం చేసిన మహానుభావులకు వాడతాం. బతికి ఉన్నవారికి ‘జయంతి శుభాకాంక్షలు’ అని రాస్తే ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు.

మర్యాద వేరు, దీవెన వేరు అన్న సంగతి అల్లుడికి రాసేటప్పుడు బాగా తెలుస్తుంది. అల్లుడు వయసులో కొడుకులాంటివాడు. అయినా చాలా ఇళ్లలో అత్తమామలు ‘మీరు’ అంటారు, పేరు పక్కన ‘గారు’ చేరుస్తారు. అలాగని మామగారు అల్లుడికి నమస్కారాలు రాయరు. ‘అల్లుడుగారికి పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆశీస్సులు. మీరు, అమ్మాయి, పిల్లలు సుఖసంతోషాలతో ఉండాలి’ అని రాస్తారు. పిలుపులో గౌరవం ఉంది, దీవెన మాత్రం పెద్దల నుంచి చిన్నవాడికే వెళ్లింది. అమ్మ విషయం దీనికి తలకిందులు. ఎన్నో ఇళ్లలో అమ్మను ‘నువ్వు’ అనే అంటారు. ‘అమ్మా, నువ్వు ఆరోగ్యంగా ఉండాలి, నీ దీవెన మాకు ఉండాలి’ అన్నప్పుడు ఎంత చనువున్నా దీవించేది అమ్మే. మనకంటే రెండేళ్లు చిన్నదైన పిన్ని ఉంటే అక్కడ వయసు కంటే వరసే పెద్దది. ‘ఆశీస్సులు’ అని రాయకుండా శుభాకాంక్షలతో ఆపాలి.

ఇక సమానుల దగ్గరికి వద్దాం. చిన్ననాటి స్నేహితుడికి ఏం రాసినా చెల్లుతుంది, ‘ఒరేయ్, పుట్టినరోజు శుభాకాంక్షలు రా, పార్టీ ఎప్పుడు?’ అంటే చాలు. అయితే అదే సందేశాన్ని అతని భార్య, అత్తమామలు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ఆ ఒరేయ్‌ని తీసేయాలి. ఇబ్బందంతా మధ్యస్థంగా ఉన్న పరిచయాలతోనే: ఆఫీసులో సహోద్యోగి, పక్కింటివారు, ఇరవై ఏళ్ల తర్వాత కలిసి ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్న పాత సహాధ్యాయి. మీరు అంటే దూరం పెట్టినట్టు, నువ్వు అంటే హద్దు దాటినట్టు. ఇక్కడ తెలుగు వ్యాకరణం మనల్ని ఆదుకుంటుంది. ‘ఉండాలి, గడవాలి, కలగాలి’ అన్న రూపాలు నువ్వుకూ మీరుకూ ఒకేలా ఉంటాయి. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు. ఈ ఏడాదంతా సంతోషంగా గడవాలి. కొత్త ఇంటి పని త్వరగా పూర్తవ్వాలి.’ ఇందులో సర్వనామమే లేదు. ‘గడుపు’, ‘గడపండి’ అని రాసిన క్షణాన చనువో మర్యాదో బయటపడిపోతుంది. అవతలివారి జవాబులో మీరు వచ్చిందో నువ్వు వచ్చిందో చూసుకుని, వచ్చే ఏడాది నుంచి అదే వాడుకోవచ్చు. సహోద్యోగికి మాత్రం ‘రమణ గారూ’ అని మొదలుపెట్టి ‘మీకు’ అని కొనసాగించడమే పద్ధతి. ‘గారూ’ అని పిలిచి చివర్లో ‘బాగా ఎంజాయ్ చెయ్’ అనడం అతుకులా కనిపిస్తుంది.

చిన్నవాళ్లకు రాసేటప్పుడు పెద్ద మాటలు వాడినా తప్పులేదు, నాకు ఇష్టం కూడా. ‘చి.’ అని పేరు ముందు పెట్టి, అబ్బాయికి ‘దీర్ఘాయుష్మాన్ భవ’, అమ్మాయికి ‘దీర్ఘాయుష్మతీ భవ’ అని రాసే తాతయ్యలు ఇంకా ఉన్నారు. అది ఎంతో గంభీరమైన మాట, అయినా చెప్పేది నువ్వు అని పిలిచే మనవడికే. ఆ పక్కనే ‘బంగారు తల్లీ’, ‘చిట్టి నాన్నా’ అనీ రాస్తారు. పసిపిల్లలను అమ్మా నాన్నా అని పిలవడం మన ముద్దు. ఆ పిల్లే ఉద్యోగంలో చేరి, పెళ్లయి, అత్తవారింటి వారంతా చదివే చోట ఉన్నప్పుడు ‘చి.ల.సౌ.’ అనో, ఉత్త పేరుతోనో మొదలుపెట్టి ‘పుట్టినరోజు ఆశీస్సులు’ అంటే నిండుగా ఉంటుంది. ముద్దుపేరు విడిగా ఫోనులో పిలుచుకోవచ్చు.

జవాబులకూ ఇదే పద్ధతి. స్నేహితులకు ‘థాంక్స్’ చాలు, సహోద్యోగులకు ‘ధన్యవాదాలండీ’ బాగుంటుంది, చిన్నవాళ్లకు ‘సంతోషం నాన్నా, నువ్వూ చల్లగా ఉండు’ అనాలి. పెద్దవారు ఆశీస్సులు పంపినప్పుడు ఒట్టి థాంక్స్ కురచగా ఉంటుంది. ‘నమస్కారం పెద్దనాన్నా, మీ ఆశీస్సులు అందాయి’ అని రాయండి.