టమాటా ఆకు మచ్చల మీద మాక్రో లెన్స్: ఆ లైటు ఆపేయండి!

నమస్కారం. ఫోన్‌కి తగిలించే ఈ మాక్రో లెన్స్‌ని కంపెనీవాళ్లే ఉచితంగా పంపారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. స్పెక్స్ మీరు ఈపాటికే చూసుంటారు, వాటి జోలికి వెళ్లను. టమాటా ఆకు మీద మచ్చ ఫంగస్‌దా, బ్యాక్టీరియాదా? ఈ లెన్స్‌తో తేలుతుందా లేదా? నాకు కావల్సింది అదొక్కటే.

ఇదిగో ఈ ఆకు చూడండి. అర సెంటీమీటరు దాటిన గోధుమరంగు మచ్చ, లోపల ఒకదాని చుట్టూ ఒకటి రింగులు, కోసిన చెట్టు మొద్దు మీద కనబడేలాంటివి. ఇది ఎర్లీ బ్లైట్, అంటే ఆకుమాడు తెగులు. ఆల్టర్నేరియా ఫంగస్ విడతలు విడతలుగా బయటికి పాకుతుంది కాబట్టి రింగులు పడతాయి. లెన్స్‌లో ఒక్కో రింగు గట్టులా లేచి కనిపిస్తోంది. ఇక్కడ మాత్రం లెన్స్‌కి వంక పెట్టలేం.

చిక్కంతా ఈ రెండో ఆకుతోనే. రెండు మిల్లీమీటర్ల నల్ల మచ్చలు, చుట్టూ పసుపు. పసుపు కనబడగానే చాలామంది బ్యాక్టీరియా అనేస్తారు. అలా అనకండి! ఆ పసుపు విషపదార్థాల వల్ల వస్తుంది. ఆల్టర్నేరియా కూడా విషం వదులుతుంది, బ్యాక్టీరియల్ స్పెక్ తెచ్చే సూడోమోనాస్ కూడా వదులుతుంది. పసుపు ఒక్కటే చూసి తేల్చలేం.

చూడాల్సింది మచ్చ అంచు. కొత్త బ్యాక్టీరియా మచ్చ నీరు ఇంకినట్టు ఉంటుంది. ఆకుని వెలుతురుకి అడ్డంగా పట్టి వెనకనుంచి కాంతి పడేలా ఫోటో తీస్తే, అంచు చుట్టూ తడితడిగా, కాస్త పారదర్శకంగా కనిపిస్తుంది. మచ్చ పాతబడి ఎండిపోతే ఆ గుర్తు పోతుంది, అందుకే లేత మచ్చనే తీయండి.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. లెన్స్ చుట్టూ ఉన్న ఎల్‌ఈడీ లైటు ఎదురుగా కొట్టి ఆ తడి మెరుపుని మింగేస్తోంది, పైగా మచ్చ నడుమ తెల్లటి చుక్క వేస్తోంది. సెప్టోరియా అనే ఫంగస్ మచ్చకి కూడా నడుమ బూడిదరంగే! లైటు ఆపి తీస్తే ఆ తెల్ల చుక్క మాయం. నిజంగా సెప్టోరియా అయితే బూడిదరంగు అలాగే ఉండి, అందులో చిన్న నల్ల చుక్కలు కూడా కనబడతాయి. మన ఆకులో అవి లేవు.

మరి ఇదేంటి? ఎర్లీ బ్లైట్ లేత మచ్చకి కూడా రింగులుండవు, అది గుర్తుంచుకోండి. అందుకే అదే మొక్క కింది ఆకులు కూడా తీశాను. అక్కడా మచ్చలు చిన్నవే, పెద్దవైన చోట కలిసిపోయాయి తప్ప ఒక్క రింగూ లేదు. వెనక కాంతిలో అంచు తడిగా ఉంది. నా ఓటు బ్యాక్టీరియాకే. అయితే బ్యాక్టీరియల్ స్పాట్ తెగులా, బ్యాక్టీరియల్ స్పెక్ తెగులా అన్నది ఫోటోతో తేలదు, ల్యాబ్‌కి పంపాల్సిందే. ఫంగస్ మందు మాంకోజెబ్ ఒక్కటే కొడితే బ్యాక్టీరియా లొంగదు, కాబట్టి మందు కొనే ముందే ఈ తేడా చూసుకోవాలి.

అద్దం బ్రహ్మాండం, లైటు దండగ. లైటు లేని మోడల్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఇదే కొంటే మాత్రం ముందు ఆ స్విచ్ ఆఫ్ చేసి, ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టండి.